ప్రకటనల ఖర్చు పెరిగింది, అమ్మకం పెరగలేదు: ఆ వారం దుకాణ యజమానికి మెయిల్ రాయడం ఎలా

చిన్న దుకాణాలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు నడిపేవారు ప్రతి సోమవారం యజమానికి ఒక మెయిల్ పంపుతారు. ఆర్డర్లు పెరిగిన వారంలో ఆ మెయిల్ పది నిమిషాల్లో పూర్తవుతుంది. ఖర్చు పెరిగి ఆర్డర్లు ఉన్నచోటే నిలిచిపోయిన వారంలో మాత్రం చాలామంది పట్టికలు, గ్రాఫులు అతికించి, "పండుగ పోటీ వల్ల" అని ఒక వాక్యం చేర్చి పంపేస్తారు. తన డబ్బు ఎక్కడికి పోయిందన్న యజమాని ప్రశ్నకు దానిలో జవాబు దొరకదు. ఆ జవాబును లెక్కతో ఎలా రాబట్టాలో, దానిని యజమానికి అర్థమయ్యే మాటల్లో ఎలా రాయాలో ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ఉదాహరణ గుంటూరులోని ఒక మంగళగిరి చేనేత చీరల దుకాణానిది. వారు సొంత వెబ్‌సైటులో చీరలు అమ్ముతారు. ప్రకటనలన్నీ ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలోనే ఉంటాయి. వారం 2025 సెప్టెంబరు 22 సోమవారం నుంచి 28 ఆదివారం వరకు. లెక్క సులువుగా కనిపించేందుకు అంకెలను కొద్దిగా సర్దాను.

మొదటి మెట్టు: ఏ అంకెను నమ్మాలో ముందే తేల్చుకోవడం

ఒకే వారానికి ఆర్డర్ల సంఖ్య రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. ఈ వారానికి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా ప్రకటనల లెక్కలు చూపే ఆడ్స్ మేనేజర్ 104 ఆర్డర్లు చూపింది. దుకాణం ఆర్డర్ల జాబితాలో ప్రకటన లింకు గుర్తుతో, అంటే లింకు చివర మనం చేర్చే `utm_source` ద్వారా వచ్చినట్టు నమోదైనవి 91 మాత్రమే ఉన్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మామూలు అమరికలో మెటా, ప్రకటనను నొక్కిన ఏడు రోజుల లోపు వచ్చిన ఆర్డరునూ, నొక్కకుండా కేవలం చూసిన ఒక రోజు లోపు వచ్చిన ఆర్డరునూ తన ఖాతాలోనే వేసుకుంటుంది. పైగా ఆ ఆర్డరును అది వచ్చిన రోజు కింద చూపదు, ప్రకటన కనిపించిన రోజు కింద చూపుతుంది. అందువల్ల సోమవారం మనం చూసే అంకె ఆ తర్వాత కూడా కొన్ని రోజులు పెరుగుతూనే ఉంటుంది. ఇప్పటికే పూర్తిగా పండిన గత వారం అంకెను, ఇంకా పండని ఈ వారం అంకెతో పోల్చితే ఈ వారం ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తుంది.

అందుకని ఖర్చు, ప్రదర్శనలు అంటే ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క, క్లిక్కులు ఆడ్స్ మేనేజర్ నుంచి తీసుకుని, ఆర్డర్లు, అమ్మకం విలువ దుకాణం జాబితా నుంచి తీసుకోవాలి. ఏ అంకెను ఎక్కడి నుంచి తీసుకుంటామన్నది ఏ వారమూ మారకూడదు. క్లిక్కులకు `Link clicks` వరుసనే చూడాలి. `Clicks (all)` వరుసలో లైకు నొక్కినవారు, పేజీ పేరు నొక్కినవారు కూడా కలుస్తారు కాబట్టి అది చీర చూడటానికి వచ్చినవారి లెక్క కాదు.

ఇంకొక తేడాను యజమానులు తరచుగా అడుగుతారు. ఆడ్స్ మేనేజర్‌లోని ఖర్చుకూ బ్యాంకు ఖాతా నుంచి పోయిన మొత్తానికీ పొంతన కుదరదు, ఎందుకంటే 18 శాతం జీఎస్టీ ఆ ఖర్చులో కనిపించదు, కార్డు నుంచి డబ్బు తీసే తేదీలు కూడా మన వారాలతో కలవవు. మెయిల్‌లోని ఖర్చు జీఎస్టీ కలపనిది అని ప్రతి వారం ఒక చిన్న వాక్యం రాస్తే ఆ ఫోన్ కాల్ రాదు.

రెండవ మెట్టు: పెరిగిన ఖర్చును ముక్కలు చేయడం

దుకాణం లెక్క ఇది. గత వారం, అంటే సెప్టెంబరు 15 నుంచి 21 వరకు ఖర్చు ₹42,000. ప్రకటనలు 3,00,000 సార్లు కనిపించాయి, 4,500 క్లిక్కులు వచ్చాయి, 90 ఆర్డర్లు నమోదయ్యాయి. ఈ వారం ఖర్చు ₹54,600. ప్రకటనలు 3,25,000 సార్లు కనిపించాయి, 4,550 క్లిక్కులు, 91 ఆర్డర్లు వచ్చాయి. అమ్మకం గత వారం ₹1,98,000, ఈ వారం ₹1,98,380. ఖర్చు ₹12,600 పెరగగా అమ్మకం నాలుగు వందల రూపాయలైనా పెరగలేదు.

ముందుగా వెబ్‌సైటును పక్కన పెట్టవచ్చో లేదో చూడాలి. గత వారం 4,500 మంది వస్తే 90 మంది కొన్నారు, అంటే నూటికి ఇద్దరు. ఈ వారం 4,550 మంది వస్తే 91 మంది కొన్నారు, అదీ నూటికి ఇద్దరే. లోపలికి వచ్చినవారు ఎప్పటిలాగే కొన్నారు కాబట్టి చీరల ధర, ఫొటోలు, చెల్లింపు పేజీ ఈ వారం కొత్తగా చెడిపోలేదు. తేడా అంతా వారిని తలుపు దాకా తీసుకురావడానికి అయిన ఖర్చులోనే ఉంది. క్లిక్కు ధర ₹9.33 నుంచి ₹12 అయింది.

క్లిక్కు ధరకు మళ్లీ రెండు భాగాలు ఉంటాయి.

```
క్లిక్కు ధర = వెయ్యి ప్రదర్శనల ధర ÷ వెయ్యి ప్రదర్శనలకు వచ్చిన క్లిక్కులు

గత వారం : 140 ÷ 15 = 9.33
ఈ వారం  : 168 ÷ 14 = 12.00
```

ప్రకటనను వెయ్యిసార్లు చూపడానికి మెటా తీసుకునే ధర ₹140 నుంచి ₹168కి పెరిగింది. అదే సమయంలో వెయ్యిసార్లు చూపినప్పుడు నొక్కేవారు 15 నుంచి 14కు తగ్గారు. ఈ రెండింటిలో దేని వాటా ఎంతో తెలుసుకోవాలంటే ఒకదానిని కదలకుండా ఉంచి లెక్క కట్టాలి. నొక్కేవారు 15గానే ఉండి ఉంటే క్లిక్కు ధర 168 ÷ 15, అంటే ₹11.20 అయ్యేది. కాబట్టి 9.33 నుంచి 11.20 వరకు పెరిగినది ప్రదర్శన ధర వల్ల, 11.20 నుంచి 12 వరకు పెరిగినది ప్రకటన పట్టు తగ్గడం వల్ల. వీటిని 4,550 క్లిక్కులతో గుణిస్తే మొదటి దాని వల్ల సుమారు ₹8,490, రెండవ దాని వల్ల ₹3,640 వస్తాయి. మిగిలిన సుమారు ₹470 అదనంగా వచ్చిన 50 క్లిక్కుల పాత ధర. మూడూ కలిపితే ₹12,600. మొత్తం ఇలా సరిపోయేదాకా మెయిల్ మొదలుపెట్టకూడదు. సరిపోకపోతే ఏదో ఒక అంకె వేరే తేదీల నుంచి వచ్చిందని అర్థం.

మూడవ మెట్టు: ప్రతి ముక్కకూ కారణం, ఆ కారణానికి రుజువు

ప్రదర్శన ధర ఎందుకు పెరిగింది? మెటాలో ప్రకటన స్థలం వేలంలో అమ్ముడవుతుంది. ఒకే మనిషికి చూపడానికి ఎక్కువమంది పోటీపడితే ధర పెరుగుతుంది. 2025లో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పండుగ అమ్మకాలు రెండూ సెప్టెంబరు 23న మొదలయ్యాయి. మన వారం సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. అయితే తేదీలు కలిసినంత మాత్రాన అది రుజువు కాదు. ఆడ్స్ మేనేజర్‌లో రోజువారీ లెక్క తెరచి రెండు విషయాలు చూడాలి. ధర ఆ తేదీ దగ్గరే ఎగిసిందా, ముందు నుంచే మెల్లగా పెరుగుతోందా అన్నది మొదటిది. కొత్త వారికి చూపే ప్రకటనల్లోనూ, ఇదివరకు సైటుకు వచ్చినవారికి చూపే ప్రకటనల్లోనూ ధర ఒకే తీరుగా పెరిగిందా అన్నది రెండవది. అన్ని చోట్లా ఒకేసారి పెరిగితే కారణం బయటి పోటీ అని గట్టిగా అనవచ్చు. ఒక్క గుంపులోనే పెరిగితే ఆ గుంపు చిన్నదైపోయిందని అర్థం, అప్పుడు పండుగ పేరు చెప్పడం తప్పు. ఈ దుకాణంలో 23 నుంచి అన్ని గుంపుల్లోనూ పెరిగింది.

నొక్కేవారు ఎందుకు తగ్గారు? దీనికి `Frequency` వరుస చూడాలి, అంటే ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు కనిపించామన్నది. అది 1.8 నుంచి 2.6కు పెరిగింది. మనం ఎక్కువమందికి కనిపించలేదు, అదే మనుషులకు మళ్లీ మళ్లీ కనిపించాము. ఆగస్టు నుంచి నడుస్తున్న మూడు ప్రకటనల్లో నొక్కేవారు తగ్గగా, పది రోజుల క్రితం పెట్టిన ఒక వీడియోలో తగ్గలేదు. కాబట్టి పాత ప్రకటనలు జనానికి అలవాటైపోయాయి.

ఇక్కడ చాలామంది దాటవేసే ఒక ప్రశ్న ఉంది. ప్రదర్శన ధర ఎంత పెరిగినా, రోజువారీ బడ్జెట్ పెంచకపోతే వారం ఖర్చు పెరగదు. అదే డబ్బుకు తక్కువ ప్రదర్శనలు వస్తాయి, అంతే. మరి ఖర్చు ₹12,600 ఎలా పెరిగింది? సోమవారం ఉదయం మేమే రోజువారీ బడ్జెట్‌ను ₹6,000 నుంచి ₹7,800 చేశాము, నవరాత్రులు మొదలయ్యాయి కనుక ఆర్డర్లు పెరుగుతాయని అనుకున్నాము. ఆ అదనపు డబ్బును పెరిగిన ధర తినేసింది, కొంతవరకు అదే మనుషులకు ఎక్కువసార్లు చూపడానికీ దారితీసింది. ఇది మెయిల్‌లో తప్పకుండా ఉండాలి, పోటీ గురించి చెప్పడానికి ముందే ఉండాలి. యజమాని బడ్జెట్ మార్పును తానే కనిపెడితే ఆ తర్వాత మనం చెప్పే నిజమైన కారణాలను కూడా నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే.

పోల్చే వారం సరైనదేనా అని కూడా చూడాలి. సెప్టెంబరు 21 మహాలయ అమావాస్య. దానికి ముందు వారమంతా పితృపక్షం. ఆ రోజుల్లో కొత్త బట్టలు కొననివారు ఉంటారు. అంటే మనం బలహీనమైన వారంతో పోల్చుకుని సమానంగా నిలిచాము. నిరుటి తేదీలతో పోల్చితే ఇంకా తప్పుతుంది, ఎందుకంటే 2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2నే వచ్చింది. నిరుడు సెప్టెంబరు 22 నుంచి 28 వరకు పితృపక్షమే నడిచింది. నిరుటి నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి కాబట్టి ఆ రోజు నుంచి ఏడు రోజులను తీసుకుంటేనే పోలిక నిలుస్తుంది. పండుగ సరుకు అమ్మేవారి లెక్కలో క్యాలెండరు తేదీ కంటే తిథి ముఖ్యం.

వెబ్‌సైటులో కొనేవారి నిష్పత్తి పడిపోయి ఉంటే ఈ పరిశీలన మరో దారి పట్టేది. అప్పుడు ఎక్కువ క్లిక్కులు వస్తున్న చీర స్టాకులో ఉందో లేదో చూసి, మొబైల్ డేటా మీద మామూలు ఫోన్‌లో యూపీఐతో ఒక ఆర్డరు స్వయంగా పెట్టి చూడాలి. ప్రకటనలో కనిపించే రంగు అయిపోవడం, చెల్లింపు మధ్యలో ఆగిపోవడం, ఈ రెండే ఎక్కువగా బయటపడతాయి.

నాలుగవ మెట్టు: యజమాని లెక్కలోకి మార్చడం

క్లిక్కు ధర యజమానికి అక్కరలేదు. ఆయన చూసేది గల్లాపెట్టెలో మిగిలేది. చీర కొన్న ధర, ప్యాకింగు, కొరియరు పోగా ఒక ఆర్డరుకు సగటున ₹700 మిగులుతుందని ఆయన ముందే చెప్పారు. (ఈ అంకె అడిగి తెలుసుకోకుండా ప్రకటనలు నడపకూడదని నా గట్టి అభిప్రాయం.) గత వారం 90 ఆర్డర్లకు ₹63,000 మిగిలితే ప్రకటనలకు ₹42,000 పోయి ₹21,000 నిలిచింది. ఈ వారం 91 ఆర్డర్లకు ₹63,700 మిగిలితే ₹54,600 పోయి ₹9,100 నిలిచింది. ఆర్డరుకు ప్రకటన ఖర్చు ₹467 నుంచి ₹600 అయింది.

బడ్జెట్ పెంచకుండా ఉండి ఉంటే? ఇదే ధరకు ₹42,000తో 70 ఆర్డర్లు వచ్చేవి, ₹7,000 నిలిచేది. ఈ లెక్క ప్రకారం పెంచడం వల్ల ₹2,100 లాభమే. కానీ ఈ లెక్కను అంతగా నమ్మకూడదు. బడ్జెట్ తక్కువగా ఉన్నప్పుడు మెటా ముందుగా చవకగా దొరికే వారిని వెతుకుతుంది కాబట్టి ఆర్డర్లు 70 కంటే కొన్ని ఎక్కువే వచ్చేవేమో. నాలుగు ఎక్కువ వచ్చినా ₹9,800 నిలిచేది, బడ్జెట్ పెంపు నష్టమయ్యేది. కాబట్టి "పెంచకపోతే అమ్మకం పడిపోయేది" అని మన నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి ఈ అంకెను వాడకూడదు.

క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో తిరిగి వచ్చేవి పది రోజులకు గానీ తేలవు. 91లో 8 వెనక్కి వస్తే ₹9,100 కాస్తా ₹3,500 అవుతుంది, పోను రాను కొరియరు ఖర్చు దానిలోంచే పోతుంది. అందువల్ల ఈ వారం అంకె తాత్కాలికమని మెయిల్‌లో రాయాలి.

అయిదవ మెట్టు: మెయిల్

ఇంత లెక్క చేశాక దానిని మొత్తం పంపాలనిపిస్తుంది. పంపకూడదు. యజమాని కొట్టులో నిలబడి ఫోన్‌లో చదువుతారు. మొదటి రెండు వాక్యాల్లో జవాబు, తర్వాత మనం చేసిన మార్పు, ఆ తర్వాత కారణాలు రూపాయల్లో, చివర ఆయన తేల్చవలసిన ఒకే ఒక విషయం ఉంటే చాలు. పట్టిక అడిగితే విడిగా పంపవచ్చు. ఈ దుకాణానికి మెయిల్ ఇలా ఉంటుంది.

> విషయం: సెప్టెంబరు 22–28: ఖర్చు ₹12,600 పెరిగింది, ఆర్డర్లు పెరగలేదు. మీ నిర్ణయం ఒకటి కావాలి
>
> నమస్కారమండి,
>
> ఈ వారం ప్రకటనలకు ₹54,600 ఖర్చయింది, గత వారం కంటే ₹12,600 ఎక్కువ. ఆర్డర్లు 91 వచ్చాయి, గత వారం 90. ఒక్కొక్క ఆర్డరుకు ప్రకటన ఖర్చు ₹467 నుంచి ₹600కి పెరిగింది. మీరు చెప్పిన ₹700 మిగులు ప్రకారం ఈ వారం మీకు నిలిచినది ₹9,100. గత వారం ₹21,000. (ఖర్చు జీఎస్టీ కలపనిది. తిరిగి వచ్చే ఆర్డర్లు ఇంకా తీసివేయలేదు.)
>
> ముందుగా మా వైపు నుంచి జరిగినది చెబుతాను. నవరాత్రులకు ఆర్డర్లు పెరుగుతాయని సోమవారం రోజువారీ బడ్జెట్‌ను ₹6,000 నుంచి ₹7,800కి పెంచాము. మేము అనుకున్నట్టు జరగలేదు.
>
> పెరిగిన ₹12,600లో సుమారు ₹8,500 ప్రకటన చూపించే ధర పెరగడం వల్ల పోయింది. 23 నుంచి పెద్ద ఆన్‌లైన్ కంపెనీల పండుగ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ రోజు నుంచే మన ప్రకటనలన్నిటికీ ధర ఒకేసారి పెరిగింది. సుమారు ₹3,600 మన పాత ప్రకటనల వల్ల పోయింది. ఆగస్టు నుంచి నడుస్తున్న మూడింటిని అదే మనుషులు చాలాసార్లు చూశారు, నొక్కడం తగ్గించారు. మిగిలిన అయిదు వందలు కొద్దిగా ఎక్కువగా వచ్చిన క్లిక్కులవి.
>
> వెబ్‌సైటులో ఇబ్బంది ఏమీ కనిపించలేదు. వచ్చినవారిలో గత వారంలాగే నూటికి ఇద్దరు కొన్నారు. అయితే గత వారం పితృపక్షం కాబట్టి ఈ వారం దానికంటే మెరుగ్గా ఉండవలసింది. సమానంగా ఉండటాన్ని మంచి ఫలితంగా నేను చెప్పడం లేదు.
>
> ఈ రోజు నుంచి బడ్జెట్‌ను తిరిగి ₹6,000 చేస్తున్నాము. దసరాకు చీర చేరాలనుకున్నవారు ఇప్పటికే ఆర్డరు పెట్టి ఉంటారు. గురువారం పాత మూడు ప్రకటనలు ఆపి, మగ్గం మీద నేస్తున్నప్పుడు తీసిన రెండు కొత్త వీడియోలు పెడతాము.
>
> మీరు తేల్చవలసినది ఒక్కటే. ఆర్డరుకు ప్రకటన ఖర్చు ఎంత దాటితే ఆపమంటారు? తిరిగి వచ్చే చీరలను దృష్టిలో పెట్టుకుంటే ₹550 దగ్గర ఆపడం మంచిదని నా సలహా. బుధవారం సాయంత్రంలోగా చెబితే దీపావళి ఏర్పాట్లు ఆ ప్రకారం చేస్తాము.

ఈ మెయిల్‌లో బడ్జెట్ మార్పును సోమవారం, ప్రకటనల మార్పును గురువారం పెట్టడానికి కారణం ఉంది. రెండూ ఒకే రోజు చేస్తే వచ్చే వారం ధర తగ్గినప్పుడు దేని వల్ల తగ్గిందో చెప్పలేము. మూడు రోజుల తేడా కూడా నిజానికి తక్కువే. రోజుకు పదమూడు ఆర్డర్ల దుకాణంలో మూడు రోజుల ఆర్డర్లు ఊరికే అయిదారు అటూ ఇటూ అవుతాయి. అందుకే ఆ మూడు రోజుల్లో ఆర్డర్లను కాక ప్రదర్శన ధరను, నొక్కేవారి సంఖ్యను చూడాలి; అవి వేలల్లో ఉంటాయి కాబట్టి త్వరగా నిలకడకు వస్తాయి. సోమవారం నుంచి బుధవారం వరకు ప్రదర్శన ధర ₹168 దగ్గరే ఉండిపోతే అది బయటి పోటీయేనని రూఢి అవుతుంది. ₹150కి దిగితే మన బడ్జెట్ పెంపు మనమే ధర పెంచుకోవడానికి కొంత కారణమైందనుకోవాలి, ఈ వారం పోటీకి అంటగట్టిన ₹8,500ను వచ్చే మెయిల్‌లో సరిదిద్దాలి.

భాష విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. వెయ్యి ప్రదర్శనల ధరకు వాడే సీపీఎం, నొక్కేవారి నిష్పత్తికి వాడే సీటీఆర్ వంటి మాటలు యజమాని స్వయంగా వాడితే తప్ప మెయిల్‌లో వాడకూడదు. "మార్కెట్ పరిస్థితుల వల్ల" అనే మాటను కూడా ఎప్పుడూ రాయకూడదు. ఏ తేదీ నుంచి, ఏ ధర, ఎంత పెరిగిందో రాయగలిగితే ఆ మాట అవసరం ఉండదు, రాయలేకపోతే ఆ కారణం మనకు ఇంకా తెలియదని అర్థం.

వచ్చే సోమవారం మెయిల్ ఈ వారం చెప్పినదానితోనే మొదలవుతుంది: బడ్జెట్ తగ్గించాక ఆర్డరుకు ఖర్చు ఎంతకు వచ్చింది, కొత్త వీడియోలను వెయ్యికి ఎందరు నొక్కారు, 91 ఆర్డర్లలో ఎన్ని వెనక్కి వచ్చాయి. ఆ మూడు జవాబుల తర్వాతే కొత్త వారం అంకెలు రాయాలి.